బొంత మడతలో మిగిలిన పోగులు: గద్వాల నేతన్నకు మా ఇంటి కృతజ్ఞతలు

నిన్న మధ్యాహ్నం మా నానమ్మ తన పెళ్లి చీర కట్టుకొని బీరువా అద్దం ముందు నిలబడింది. అది 1968లో ఆమె కట్టుకున్న చీర కాదు. ఆ చీర చీరగా లేకుండా పోయి యాభై ఏళ్లు దాటింది. వెలిసిపోయిన ఒక నలుపు తెలుపు ఫోటోను, ఒక పాత బొంతను చూసి గద్వాలలో ఒక నేతన్న కొత్తగా నేసి ఇచ్చిన చీర అది. మూడు రోజులుగా నాకు సరిగా నిద్ర లేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి. అయినా ఆయనకు చెప్పవలసిన మాట ఈ రాత్రే చెప్పకపోతే రేపటికి మామూలు మాటలుగా మారిపోతుందన్న భయంతో రాస్తున్నాను. ఆయన పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు.

ముందుగా ఆ చీర ఎలా పోయిందో చెప్పాలి. మా ఊరు ఆత్మకూరు దగ్గర. నానమ్మ పెళ్లికి మా ముత్తాత కృష్ణ అవతలి ఒడ్డుకు, గద్వాలకు పోయి చీర తెచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు, వాటిలో జరీ. 1972 కరువులో ఊళ్లోకి జరీ కొనేవాళ్లు వచ్చారు. అప్పటి జరీలో వెండి ఉండేది. దాన్ని కాల్చి వెండి తీసుకుంటారు. నానమ్మ అంచులు, కొంగు కత్తిరించి ఇచ్చేసింది. వచ్చిన డబ్బుతో జొన్నలు కొన్నారు. మిగిలిన నూలు ఒళ్లు మా నాన్నకు ఉయ్యాల అయింది, ఆ తరువాత ఒక బొంతలో పొర అయింది. ఈ సంగతి నానమ్మ ఎన్నడూ బాధగా చెప్పలేదు. ఎన్నడూ పూర్తిగా కూడా చెప్పలేదు.

ఆ చీర రూపు మిగిలింది ఫోటోలో మాత్రమే. అందులో నానమ్మ పీట మీద కూర్చొని ఉంటుంది, తల వంచుకొని. ముఖం ఉన్నచోట పసుపు మరక పాకింది. చీర మాత్రం మోకాళ్ల మీదుగా కొంచెం తెలుస్తుంది. తాత పోయిన తరువాత ఆమె ఆ ఫోటోను దించి, కొంగుతో తుడిచి, మళ్లీ తగిలించడం చూసి, ఆ చీరను ఎలాగైనా మళ్లీ తేవాలని అనుకున్నాను.

మొదట పట్నంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. ఫోటో చూపిస్తే, ఇలాంటిదే ఉందంటూ గద్వాల కుట్టు చీర అని ముద్ర వేసిన చీర ఒకటి ఇచ్చారు. నాకు తేడా తెలియలేదు, కొన్నాను. ఆ చీరనే పట్టుకొని గద్వాల వెళ్లి, ఎవరో చెప్పగా ఆ పెద్దాయన ఇంటి ముందు నిలబడ్డాను. ఆయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, చీరను ఎండలోకి తీసుకుపోయి, అంచును వేలి మీద వంచి నాకు చూపించారు.

"ఇగో బిడ్డా, అంచుల ఒళ్లు రంగు మెరుస్తున్నది చూడు. పేక ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కటే పోయింది. గిది మరమగ్గం."

కుట్టు చీర అంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది. అసలైన కుట్టు చీర నేతలో, అడ్డంగా పోయే పేక దారాన్ని మోసే నాడెలు మూడు ఉంటాయి. మధ్యలో ఒళ్లుకు ఒకటి, రెండు వైపులా అంచులకు చెరొకటి. ఒళ్లు పేక అంచు దాకా వచ్చి, అంచు పేకను చుట్టుకొని వెనక్కి తిరుగుతుంది. ఒక రంగు ఇంకొక రంగులోకి పోదు. అందుకే అంచు రంగు చిక్కగా, కలవకుండా నిలుస్తుంది. కోటకొమ్మ అంచు అయితే ఆ కలిసే చోటు ఒక్క గీతలా కాక, మెట్టు మెట్టుగా పైకి లేచి దిగుతుంది. పోగు పోగుకూ చేత్తో లెక్క పెట్టుకుంటూ, నాడెను ఎక్కడి నుంచి తిప్పాలో చూసుకోవాలి.

కొన్ని రకాల చీరలను చేతిమగ్గం మీదనే నేయాలని 1985లో చేసిన చట్టం ఉంది. ఆ చట్టం ఉండగానే, నా చేతిలోని చీర మీద ఆ తప్పుడు ముద్ర ఉంది. దుకాణానికి తిరిగి వెళితే, బిల్లు మీద రాసిన మాట చూపించి, ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబోమన్నారు. ఫిర్యాదు చేయడానికి ఒక కార్యాలయానికి వెళితే, మరొక కార్యాలయానికి పొమ్మన్నారు. అక్కడ కాగితం తీసుకున్నారు కానీ ఈ రోజు వరకు జవాబు లేదు. నా డబ్బు సంగతి వదిలేస్తాను. ఆరు రోజులు గుంతలో కూర్చొని నేసేవాడి చీర పక్కన, అదే పేరుతో, సగం ధరకు ఈ చీర వేలాడుతుంటే, ఆయన ఎవరికి చెప్పుకోవాలి? నాకు ఇచ్చిన జవాబే ఆయనకూ ఇస్తారా? ఈ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఆ పెద్దాయన మాత్రం కోపగించుకోలేదు. ఫోటో పెద్దది చేసిన ప్రతిని చాపమీద పరిచి చాలాసేపు చూశారు. తరువాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న చీర గురించి కాదు. "ఈ పీట ఉన్నదా ఇంట్ల?" అని అడిగారు.

ఉంది. ఇప్పటికీ దాని మీద కూర్చొనే నానమ్మ కూరగాయలు తరుగుతుంది. ఆ పక్కవారం కొలిచి చెప్పాను: ముందు అంచు పొడవు ఇరవై ఒక్క అంగుళాలు. పెద్దది చేసిన ఫోటోలో అదే అంచు 105 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఫోటోలో 5 మిల్లీమీటర్లు నిజంలో ఒక అంగుళం. మోకాలి మీద చీర అంచు 20 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి అసలు అంచు నాలుగు అంగుళాలు. ఒక్కొక్క కోటకొమ్మ అడుగున ఒక అంగుళం వెడల్పు. భుజం దగ్గర కొలిస్తే అంచు మూడు అంగుళాలే వస్తోందని నేనంటే, అక్కడ గుడ్డ వంగి పక్కకు తిరిగిందని, పీటకు దగ్గరగా, చదునుగా పరుచుకున్న చోట మాత్రమే కొలత నమ్మాలని చెప్పారు. చీర కట్టు చూసి ఇంకొక మాట అన్నారు. "ఆమె గోచి పోసి కట్టింది. గిది ఎనిమిది గజాల చీరె. ఇప్పుడు ఆరు గజాలు దాటి ఎవరూ నేయమంటలేరు."

రంగు దగ్గర అందరం ఆగిపోయాం. నలుపు తెలుపు ఫోటోలో ఎరుపైనా, ఆకుపచ్చైనా, వంకాయ రంగైనా ముదురు బూడిదగానే కనిపిస్తాయి. మా మేనత్తలిద్దరూ అంచు ఎరుపేనని పట్టుబట్టారు. వాళ్లు పుట్టకముందు మాట అది. వెళ్లి అడుగుదామంటే నానమ్మకు ఈ సంగతి తెలియకూడదు. ఒకసారి మాటల మధ్యలో అడిగితే "మంచి రంగే ఉండె" అని ఊరుకుంది.

"ఒళ్లు ఏమైంది?" అని ఆయన అడిగారు. బొంత అయిందని చెప్పాను. ఆ మాట వినగానే ఆయన ముఖం మారింది. "బొంత తెచ్చుకో బిడ్డా. జరీ కొనెటోడు అంచు కోసేటప్పుడు కుట్టు మీద కోయడు. కొంచెం ఇవతలికి కోస్తడు. నీ చీరె రంగు బొంతల్నే ఉండొచ్చు."

బొంత తీసుకుపోయాను. ఆయన పైపొరను నాలుగు వేళ్ల మేర మాత్రమే, పాత దారాన్ని తెంపకుండా సూదితో ఒక్కొక్క కుట్టూ లాగి విప్పారు. మధ్య పొరలో నానమ్మ చీర ఉంది. బయటికి కనిపించే భాగం ఉతికి ఉతికి బియ్యం కడుగు రంగులోకి వచ్చేసింది. కానీ అంచును లోపలికి మడిచి కుట్టిన చోట మడత విప్పితే, ఆవపువ్వు లాంటి పసుపు రంగు బయటపడింది. ఆ పసుపు కొసన, పేక వెనక్కి తిరిగిన ఉంగరాలలో చిక్కుకొని, వరి గింజంత పొడవున్న పట్టు పోగులు కొన్ని ఉన్నాయి. వాటిని ఆయన తెల్ల కాగితం మీద పెట్టి వాకిట్లోకి తీసుకుపోయారు. వంకాయ రంగు. ఎరుపు కాదు. ఎండ తగలని చోట, నీళ్లు ఎక్కువ తగలని చోట, యాభై ఏళ్లకు పైగా ఆ రంగు అలాగే ఉండిపోయింది. నేను అక్కడే అరుగు మీద కూర్చొని ఏడ్చాను. ఆయన ఏమీ అనకుండా లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టారు.

ఇక్కడే ఆయన చేసిన అసలు మేలు చెప్పాలి. మగ్గం మీదికి నిలువు పోగుల పడుగు ఎక్కించడం ఒక్క చీర కోసం ఎవరూ చేయరు. ఆయన మగ్గం మీద నాలుగు చీరలకు ఒక పడుగు. రంగులు అద్దించడం, పడుగు పోయడం, పోగులన్నీ దువ్వెన లాంటి అచ్చులోంచి ఎక్కించడం, ఈ శ్రమ ఒకటికైనా నాలుగింటికైనా ఒకటే. నాకు ఒక్క చీర కావాలి, నాలుగు చీరలకు డబ్బు లేదు. ఆ మాట చెప్పడానికి నేను తడబడుతుంటే ఆయనే అన్నారు: "మొదటిది నీది ఎనిమిది గజాలు నేస్త. మిగిలిన మూడు ఆరు గజాలవి నేసి నేనే అమ్ముకుంట. వంకాయ అంచు పసుపు ఒళ్లు, పోతది." పోతుందో లేదో ఆయనకూ తెలియదు. ఆ మూడు చీరల పట్టు, నూలు, జరీ ఖర్చు తన నెత్తిన వేసుకున్నారు. ముక్కూ మొహమూ తెలియని మనిషి కోసం ఆయన ఈ పని ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

కుదరని వాటిని కూడా ఆయన ముందే చెప్పారు. వెండి జరీ పెడితే ధర మాకు అందదు కనుక రాగి తీగ మీద మెరుగు పెట్టిన టెస్టెడ్ జరీ పెట్టారు. పాత చీర అంత బరువు రాదని, ఆ మెత్తని మెరుపు కూడా రాదని అన్నారు. ఫోటోలో కొంగు కనిపించదు కాబట్టి, తన తల్లి చీర కొంగు చూసి నేస్తానని, అది తన ఊహేనని నానమ్మకు తప్పక చెప్పమని అన్నారు.

ఒక రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేశారు. ఏదో చెడిపోయిందేమోనని భయపడ్డాను. ఫోటోలో ఎడమ మోకాలి దగ్గర ఒక కోటకొమ్మ మిగతావాటి కంటె పొట్టిగా ఉందట. మేమెవరం చూడలేదు. "ఆనాటి నేతగాని తప్పు అది. మెట్లు లెక్క మరిచిండు. సరిచేసి నేయాల్నా, అట్లనే నేయాల్నా?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. కాసేపు ఆగి ఆయనే అన్నారు: "తప్పే గానీ, ఆమె కట్టుకున్న చీరె అదే గదా బిడ్డా." అలాగే నేయమన్నాను. చీరలో ఎన్ని గజాల దగ్గర ఆ కొమ్మ వస్తే కట్టినప్పుడు మోకాలి మీద పడుతుందో, తన భార్యకు తాడు చుట్టి అంచనా వేశారట. ఆ రాత్రి నుంచి ఈ మనిషి గురించి నలుగురికీ చెప్పాలని నా మనసులో ఉంది.

శుక్రవారం చీర తెచ్చాను. అమ్మ, నాన్న, తమ్ముడు ఎవరి పని వాళ్లు చేశారు. నిన్న భోజనాలయ్యాక నానమ్మ చేతిలో చీర పెట్టి, కట్టుకొమ్మని మాత్రమే అన్నాను. ఆమె మడత విప్పి అంచు చూసింది. బొటనవేలితో కొమ్మలను తడుముకుంటూ పోయింది. ఏమీ అడగలేదు. గోచి పోసి కట్టించాక బీరువా తలుపు ఆమె వైపు తిప్పాం.

ఆమె గుర్తుపడుతుందని, ఏడుస్తుందని, తాతను తలుచుకుంటుందని నేను ఎన్నో అనుకొని ఉన్నాను. ఆమె అద్దంలో కింది నుంచి పైకి చూసుకుంటూ వచ్చింది. పాదాలు, అంచు, నడుము, భుజం. ముఖం దగ్గర ఆగిపోయింది.

"గిట్లున్ననా నేను?" అంది.

ఏమిటి నానమ్మా అని అడిగితే అప్పుడు చెప్పింది. పెళ్లినాడు ఆ ఇంట్లో అరచేతి అంత అద్దమే ఉండేదట. బొట్టు పెట్టుకోవడానికి ముఖం మాత్రమే కనిపించేది. పీట మీద తల ఎత్తనివ్వలేదు. తరువాత పండుగలకు రెండు మూడుసార్లు కట్టినా నిలువెత్తు అద్దం ఎక్కడిది? "అందరు చూసిన్రు. నేనే సూడలే. ఒళ్లో ఉన్న అంచే కనవడేది." ఫోటోలోనైనా చూసుకునేదానివి కదా అంటే, ఆ ఫోటో పెళ్లయిన ఏడాదికి ఇంటికి వచ్చిందని, అందులో తన ముఖం వంగి ఉందని, ఇంతలోనే పసుపెక్కిందని చెప్పింది. అంటే మేం ఆమెకు తిరిగి ఇస్తున్నామనుకున్న రూపాన్ని ఆమె ఎన్నడూ చూడనే లేదు. డెబ్బై దాటిన వయసులో, నిన్న మధ్యాహ్నం, మొదటిసారి చూసుకుంది.

చాలాసేపు అద్దం ముందు నుంచి కదలలేదు. పక్కకు తిరిగి చూసుకుంది. వెనక గోచి ఎలా పడిందో చూడటానికి మెడ తిప్పింది. తరువాత కొంగు ముందుకు లాక్కొని, "కొంగు గిది కాదు. దానికి అడ్డం పట్టెలుండె, గీ మామిడి పిందెలు లేకుండె" అంది. కొంగు తన ఊహ అని ఆయన చెప్పమన్న మాట చెప్పాను. "పెద్దోడు, నిజం చెప్పిండు" అంది. బరువు కూడా తక్కువుందని వెంటనే పట్టేసింది. పొట్టి కొమ్మ మోకాలి మీద కాక జానెడు పక్కకు పడింది. దాని సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. సాయంత్రం దాకా చీర విప్పలేదు. దీపం పెట్టేటప్పుడు కూడా ఆ చీరతోనే పెట్టింది.

కాకా, మీరు దీన్ని చదవరని తెలుసు. మీ మనుమడు చదివి వినిపిస్తానన్నాడు. అద్దం ముందు మా నానమ్మ అన్న మాటలు మీకు ఫోన్‌లో చెప్పబోతే నాకు గొంతు రాలేదు, అందుకే ఇక్కడ రాశాను. ఎనిమిది గజాలకు కూడా ఆరు గజాల కూలే తీసుకున్నారు. మిగతా రెండు గజాల మాట ఎత్తితే, గోచి చీర నేయక ముప్పై ఏళ్లయిందని, చేతులు మరిచిపోలేదని తెలిసిందని, అదే చాలని అన్నారు. నాకైతే అది చాలదు. మీ మిగిలిన మూడు చీరలలో ఒకటి మా మేనత్త తీసుకుంటానంది. ఇంకా రెండు ఉన్నాయి. పసుపు ఒళ్లు, వంకాయ అంచు, కోటకొమ్మ, కుట్టు చీరలు. ఎవరికైనా కావాలంటే నన్ను అడగండి, నేరుగా ఆయన దగ్గరికే తీసుకుపోతాను.

ఇంకా కొందరిని మరిచాను, మన్నించాలి. ఆత్మకూరులో ఫోటో స్టూడియో అబ్బాయి, ఫోటో దాని చట్రం అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకవద్దని, పీకితే బొమ్మ అద్దానికే వస్తుందని చెప్పి, అద్దం పైనుంచే తీశాడు. పసుపెక్కిన ఫోటోలో మిగిలిన గీతలు నీలం పొరలోనే ఎక్కువగా తెలుస్తాయని ఆ ఒక్క పొరను వేరుచేసి పెద్దది చేసి ఇచ్చాడు. అది లేకపోతే పీట అంచు కూడా కనిపించేది కాదు. మా వీధి చివరి పెద్దమ్మ వచ్చి గోచి కట్టించింది. మా ఇంట్లో ఎవరికీ అది రాదు, నానమ్మ చేతులు ఇప్పుడు వెనక్కి పోవు. బొంత మడతను పాత రంధ్రాల్లోంచే మళ్లీ కుట్టిన మా చిన్న మేనత్తకు, జూరాల ఆనకట్ట మీద బస్సు చెడిపోయిన రోజు నన్ను బొంత మూటతో సహా గద్వాల దాకా దించిన ఆటో అతనికి కూడా.

అన్నిటికంటే పెద్ద మరుపు ఇప్పుడే గుర్తుకు వచ్చింది. కుట్టు చీరను ఒక్కరే నేయలేరు. అవతలి అంచు నాడెను అందుకోవడానికి ఇంకొకరు పక్కన కూర్చోవాలి. ఆ ఆరు రోజులూ కూర్చున్నది ఆయన భార్య. కొంగు దగ్గర నూలు పడుగు కోసి, పట్టు పడుగును పోగుకు పోగు కలిపి, వేళ్లకు బూడిద అద్దుకొని వేల పోగులు మెలివేసింది కూడా ఆమెనే. నేను వెళ్లిన ప్రతిసారీ ఆమె మగ్గానికి అవతలి వైపే ఉంది. నేను ఆయనతోనే మాట్లాడి వచ్చాను. అమ్మా, మీకు.